రెండు ఉద్యోగ ఆఫర్లకు టారో: మూడు కార్డుల వరుస ఎందుకు చాలదు, దాని బదులు ఏం పరచాలి? (తరచుగా అడిగే ప్రశ్నలు)

హైదరాబాద్‌లో నేను టారో కార్డులు చదవడం మొదలుపెట్టాక ఎక్కువగా విన్న ప్రశ్న పెళ్లి గురించి కాదు, ఉద్యోగం గురించి. "రెండు ఆఫర్లు వచ్చాయి, శుక్రవారంలోపు చెప్పాలి, కార్డులు ఏమంటున్నాయి?" అని అడుగుతారు. చాలామంది అప్పటికే ఇంట్లో మూడు కార్డులు తీసుకుని, అర్థం కాక వస్తారు. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవాటికి జవాబులు ఇవి.

భూత, వర్తమాన, భవిష్యత్ వరుస అంటే ఏమిటి?

డెక్ కలిపి మూడు కార్డులు ఎడమ నుంచి కుడికి పరుస్తారు. మొదటిది గడిచిన కాలం, రెండోది ఇప్పటి పరిస్థితి, మూడోది రాబోయేది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అందరూ ముందు నేర్పేది ఇదే. కథకు మొదలు, మధ్య, చివర ఉన్నట్టే దీనికీ ఉంటాయి కాబట్టి చెప్పడం సులువు, వినడం సులువు. తప్పు ఈ వరుసలో లేదు. దానికి పట్టని ప్రశ్నను దానిలో కుక్కడంలో ఉంది.

రెండు ఆఫర్ల ప్రశ్న దానిలో ఎందుకు పట్టదు?

ఆ వరుసలో దారి ఒక్కటే. నిన్న, ఇవాళ, రేపు అని ఒకే గీత మీద నడుస్తుంది. మీ ముందు ఉన్నవి రెండు దారులు. మూడో స్థానంలో ఒక కార్డు వచ్చిందనుకోండి, అది ఏ ఆఫర్ తీసుకుంటే వచ్చే రేపు? మొదటిదా, రెండోదా, రెండూ వద్దనుకుంటే వచ్చేదా? ఆ స్థానానికి మనం ఆ మాట చెప్పలేదు. అందుకని మనసులో ముందే ఏ ఆఫర్ వైపు మొగ్గు ఉందో, కార్డును ఆ ఆఫర్‌కే అంటగడతాం. మంచి కార్డు వస్తే "చూశావా, అక్కడికే వెళ్లమంటోంది" అంటాం. చెడ్డగా కనిపిస్తే "అది రెండో దాని గురించి అయి ఉంటుంది" అంటాం. నేను కూడా మొదట్లో ఇలాగే చేశాను.

ఇంకో ఇబ్బంది, మూడు కార్డుల్లో ఒకటి గతానికి పోతుంది. మీ గతం మీకు తెలుసు. ఆరేళ్లుగా ఏ పని చేస్తున్నారో, ఎందుకు మారాలనుకుంటున్నారో చెప్పడానికి కార్డు అక్కర్లేదు. అదే సమయంలో, ఉద్యోగం మారేటప్పుడు అసలు తేల్చుకోవలసిన విషయానికి, అంటే దీనికోసం ఏం వదులుకోవాలి అన్నదానికి, ఈ వరుసలో చోటే లేదు.

అయితే ఒక్కో ఆఫర్‌కు విడిగా మూడు కార్డులు వేస్తే?

చాలామంది చేసే సర్దుబాటు ఇదే. ఓసారి వేసి చూడండి, లోపం వెంటనే బయటపడుతుంది. మొదటి ఆఫర్‌కు గతంలో ఒక కార్డు వస్తుంది, రెండో ఆఫర్‌కు గతంలో వేరే కార్డు వస్తుంది. మనిషి ఒక్కరే, గతం ఒక్కటే, ఇవాళ కూడా ఒక్కటే. దానికి రెండు రకాల గతాలు, రెండు రకాల వర్తమానాలు ఎలా ఉంటాయి? ఆరు కార్డులు ఖర్చుపెట్టి నిజంగా పోల్చగలిగేది చివరి రెంటినే. ఆ రెండిట్లో ఏది చూడటానికి బాగుంటే అటు వెళ్లడమంటే, అది బొమ్మల అందాల పోటీ అయిపోతుంది.

"వెళ్లాలా, వద్దా" అని ఒక్క కార్డు తీయొచ్చా?

తీయొచ్చు, కానీ అలా అడిగిన క్షణంలోనే రెండో ఆఫర్ ప్రశ్నలోంచి మాయమైపోతుంది. "వద్దు" అని వస్తే రెండోది మంచిదని అర్థం కాదు. చిలక జోస్యంలో చిలక తీసే ఒక్క కార్డు సరదాగా ఉంటుంది. నోటీసు పీరియడ్ ఎదుట పెట్టుకుని అడిగే ప్రశ్నకు అది చాలదు.

సెల్టిక్ క్రాస్ పది కార్డులతో ఉంటుంది కదా, అది వేస్తే?

కార్డులు పెరుగుతాయి, దారులు పెరగవు. అందులోనూ గతానికి, సమీప భవిష్యత్తుకు, చివరి ఫలితానికి స్థానాలు ఉన్నాయి. మిగిలినవి ఆ ఒక్క కథ చుట్టూ ఉన్న మనుషులకు, ఆశలకు, భయాలకు పోతాయి. ఒక్క ఉద్యోగంలో మీరు ఎందుకు ఇరుక్కుపోయారో చూడటానికి బాగా పనికొస్తుంది. రెంటిని పక్కపక్కన పెట్టి చూడటానికి కాదు.

మరి ఎలా పరచాలి?

నేను వాడేది ఎనిమిది కార్డుల పరుపు. పోల్చాలంటే రెండు పక్కలా ఒకే ప్రశ్న అడగాలి అన్న ఒక్క నియమం మీద ఇది నడుస్తుంది. కూరగాయల బజారులో ఒక కొట్టులో ధర అడిగి, ఇంకో కొట్టులో రంగు చూసి వస్తే ఏది కొనాలో తేలదు కదా, అలాగన్నమాట.

```
      8
   6     7
   4     5
   2     3
      1
```

కింద మధ్యలో 1: ఈ ఉద్యోగం నాకు ఏం తీర్చాలి? ఇది రెండు ఆఫర్లకూ ఉమ్మడి. ఎడమ నిలువు వరుస మొదటి ఆఫర్‌ది, కుడిది రెండోది. 2, 3 స్థానాలు మామూలు పనిరోజు ఎలా ఉంటుందో అడుగుతాయి. 4, 5 స్థానాలు దానికోసం ఏం వదులుకోవాలో అడుగుతాయి. 6, 7 స్థానాలు ఏడాది తర్వాత నా చేతిలో ఏం మిగులుతుందో అడుగుతాయి: నేర్చుకున్న పని, పరిచయాలు, పొదుపు, ఏదైనా. పైన 8: నేను ఇంకా అడగని విషయం ఏది?

"ఫలితం" అనే స్థానం ఇందులో లేదని గమనించే ఉంటారు. కావాలనే తీసేశాను. ఆ స్థానం ఉన్నంతకాలం మిగతా ఏడు కార్డులనూ ఎవరూ పట్టించుకోరు, కళ్లన్నీ చివరి కార్డు మీదే ఉంటాయి.

ఏ ఆఫర్ ఎడమ, ఏది కుడి అన్నది డెక్ ముట్టుకోకముందే కాగితం మీద రాసేయండి. కార్డులు చూశాక రాస్తే మనకు తెలియకుండానే మంచి వరుసను నచ్చిన ఆఫర్‌కు ఇచ్చేస్తాం.

కార్డులు తీయకముందు చేయాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. లెక్కలు. కార్డులు అంకెలు చెప్పవు. ఆఫర్ లెటర్‌లో సీటీసీ ఎంత, అందులో ప్రతి నెలా ఖాయంగా వచ్చేది ఎంత, వేరియబుల్ ఎంత, జాయినింగ్ బోనస్ ఉంటే దాన్ని ఎప్పుడు వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది, నోటీసు పీరియడ్ ఎన్ని రోజులు, ఇల్లు మారితే అద్దె ఎంత అన్నవి ముందే రాసి పెట్టుకోవాలి. ఈ కాగితం లేకుండా నా దగ్గరికి వచ్చినవాళ్లను టీ ఇచ్చి వెనక్కి పంపిన రోజులున్నాయి.

నిలువుగా చదవాలా, అడ్డంగా చదవాలా?

అడ్డంగా. 2 పక్కన 3, ఆ తర్వాత 4 పక్కన 5, చివరికి 6 పక్కన 7. నిలువుగా చదివితే ఒక్కో ఆఫర్ ఒక్కో కథగా మారిపోతుంది. కథ చెప్పడంలో మనుషులు ఘనులు కాబట్టి ముగింపు బాగున్న కథే గెలుస్తుంది. అడ్డంగా చదివితే ఒక్కోసారి ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పుకోవాలి. ప్రతి జంటకూ ఒక్క వాక్యం కాగితం మీద రాసి, ఆ తర్వాతే పై జంట తిప్పండి. అన్నీ ఒకేసారి తిప్పితే కళ్లు ముందు భయపెట్టే బొమ్మ మీదికే పోతాయి.

ఒక ఉదాహరణ చూపిస్తారా?

మా చిన్నాన్న కూతురిది చెబుతాను, తనను అడిగే రాస్తున్నాను. విజయవాడ అమ్మాయి, హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటూ అకౌంట్స్ ఉద్యోగం చేసేది. రెండు ఆఫర్లు వచ్చాయి. మొదటిది హైదరాబాద్‌లోనే ఒక పెద్ద కంపెనీ. అమెరికా క్లయింటుకు నెలాఖరు లెక్కలు మూసే పని, నైట్ షిఫ్ట్. ఏడాదికి 9.6 లక్షలు, అందులో 8.2 ఖాయం, 1.4 వేరియబుల్. జాయినింగ్ బోనస్ 50 వేలు, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. నోటీసు 90 రోజులు. రెండోది విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల వ్యాపారం చేసే కుటుంబ సంస్థ. 7.2 లక్షలు, అంతా ఖాయం. నోటీసు 30 రోజులు. ఇంట్లోనే ఉండొచ్చు.

ముందు లెక్క వేశాం. హాస్టల్‌కు నెలకు 12 వేలు, అంటే ఏడాదికి 1.44 లక్షలు. అది తీసేస్తే మొదటి ఆఫర్‌లో ఖాయంగా మిగిలేది 6.76 లక్షలు. రెండోదానికంటే తక్కువే! వేరియబుల్ మొత్తం వస్తేనే 8.16 అవుతుంది. పన్ను, పీఎఫ్ కోతలు పక్కన పెట్టి వేసిన లెక్క ఇది. "రెండు లక్షల నలభై వేలు ఎక్కువ" అని వారం రోజులుగా ఇంట్లో నడుస్తున్న వాదన అక్కడే సగం చల్లారింది. ఆ తర్వాత డెక్ తీశాం.

1లో ఫోర్ ఆఫ్ పెంటకిల్స్ వచ్చింది. కిరీటం పెట్టుకున్న మనిషి ఒక నాణెం గుండెకు హత్తుకుని, ఒకటి తలమీద, రెండు కాళ్ల కింద పెట్టుకుని కదలకుండా కూర్చుని ఉంటాడు. "నాన్న ఇంటి లోను ఈఎంఐ నేనే కడుతున్నా అక్కా, ఒక్క నెల తప్పినా కష్టం" అంది. సరే, ఈ ఉద్యోగం తీర్చాల్సింది ముందు నెలనెలా తప్పని జీతం. ఆ మాట రాసుకున్నాం.

2లో టెన్ ఆఫ్ వాండ్స్, 3లో ఫైవ్ ఆఫ్ వాండ్స్. ఒకదాంట్లో పది కర్రలు మోస్తూ వంగిపోయి నడిచే మనిషి, ఇంకోదాంట్లో ఐదుగురు కుర్రాళ్లు కర్రలతో గజిబిజిగా కొట్టుకుంటున్నారు. అక్కడ పని బరువు, ఇక్కడ ఇంటిల్లిపాదీ తలా ఒక మాట చెప్పే ఆఫీసు. రెండూ తలనొప్పే. "ఈ వరుస తేడా చూపించలేదు" అని రాసి ముందుకు వెళ్లాం. అలా రాయడానికి మొహమాటపడకూడదు. ప్రతి జంటలోనూ ఒక విజేతను వెతికితే లేని తేడాలు పుట్టుకొస్తాయి.

4లో నైన్ ఆఫ్ స్వోర్డ్స్: అర్ధరాత్రి మంచం మీద లేచి కూర్చుని ముఖం చేతుల్లో దాచుకున్న మనిషి. నైట్ షిఫ్ట్ కాబట్టి దాన్ని వివరించక్కర్లేదు. 5లో సిక్స్ ఆఫ్ కప్స్ వచ్చింది. పాత ఇంటి వాకిట్లో ఒక పిల్లవాడు చిన్నపాపకు పూలున్న కప్పు ఇస్తుంటాడు. పుస్తకాల్లో దీనికి తీపి జ్ఞాపకాలు, పుట్టిల్లు అని రాస్తారు. తను కూడా "ఇది మంచి కార్డే కదా" అంది. కానీ ఆ స్థానం అడిగింది ఏం వదులుకోవాలని. మంచి కార్డైనా అక్కడ ఖర్చుగానే చదవాలి. కాసేపు ఆలోచించి, "అక్కడికి వెళ్తే మళ్లీ చిన్నపిల్లనైపోతా. ఎక్కడికి వెళ్తున్నావు, ఎప్పుడొస్తావు అంటారు" అని నవ్వింది. అద్దె లేని ఇంటికి కూడా ధర ఉందని అప్పుడు కాగితం మీదికి వచ్చింది.

6లో ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్, బల్ల దగ్గర కూర్చుని ఒక్కో నాణెం చెక్కుతున్న పనివాడు. 7లో హెర్మిట్, కొండ మీద లాంతరు పట్టుకుని ఒంటరిగా నిలబడ్డ ముసలాయన. ఈ జంట దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అక్కడ నా పని చూసి తప్పు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. అకౌంట్స్ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే" అంది. ఈ మాట ఆఫర్ లెటర్‌లో లేదు, ఇంట్లో వాదనలోనూ రాలేదు.

8లో జస్టిస్, చేతిలో తక్కెడ, కత్తి. అడగనిది రాతకోతల్లో ఉందని చదివాం. తను అడగాల్సినవి మూడు తేలాయి. మొదటి కంపెనీలో నైట్ షిఫ్ట్ ఎన్నాళ్లు? పోయిన ఏడాది ఆ టీమ్‌కు వేరియబుల్ ఎంత శాతం ఇచ్చారు? రెండో చోట నా పైన ఎవరు? మర్నాడే ఫోన్లు చేసింది. ఆరు నెలల తర్వాత షిఫ్టులు మారుతూ ఉంటాయని మొదటివాళ్లు మెయిల్‌లో రాసిచ్చారు. వేరియబుల్ గురించి మాత్రం సూటిగా చెప్పలేదు, అందుకని దాన్ని సున్నా అనుకునే లెక్క వేసుకుంది. రెండోవాళ్లు నేరుగా ఓనరుగారికే రిపోర్ట్ చేయాలన్నారు. తను హైదరాబాద్‌దే తీసుకుంది, వేరియబుల్ లేకపోయినా ఈఎంఐ నడుస్తుందని చూసుకుని. షిఫ్ట్ మారింది ఆరో నెలలో కాదు, ఎనిమిదో నెలలో.

కార్డు నిజంగా ఆ ఆఫర్ గురించే చెబుతోందని ఎలా తెలుస్తుంది?

తెలియదు. కలిపిన డెక్‌లోంచి ఏ కార్డు పైకి వస్తుందన్నది పేకాటలో ముక్క పడటం లాంటిదే. ఈ కార్డులు పుట్టింది కూడా 15వ శతాబ్దపు ఇటలీలో ఆట కోసమే. జోస్యానికి వాడటం బాగా ఊపందుకున్నది 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో. అందుకే చదవడం అయిపోయాక నేను తప్పకుండా ఒక తారుమారు పరీక్ష పెడతాను. ఎడమ వరుసను కుడికి, కుడి వరుసను ఎడమకు మార్చి, మళ్లీ చదవండి.

మా చెల్లి విషయంలో నైన్ ఆఫ్ స్వోర్డ్స్‌ను విజయవాడ వైపు పెట్టి చూశాం. "ఇక్కడే ఉండిపోయానే అని రాత్రిళ్లు నిద్ర పట్టదు" అని తడుముకోకుండా చెప్పేసింది. అంటే ఆ కార్డు ఏ ఆఫర్‌కైనా అతుక్కుంటుంది, కాబట్టి మొదటి ఆఫర్‌కు వ్యతిరేకంగా దాన్ని సాక్ష్యం కింద లెక్కేయకూడదు. సిక్స్ ఆఫ్ కప్స్ కూడా అంతే. హెర్మిట్‌ను మాత్రం హైదరాబాద్ పక్కకు జరిపితే తనకు మాట దొరకలేదు, అక్కడ పెద్ద టీమ్ ఉంది కాబట్టి. అక్కడ కార్డు మహిమేమీ లేదు, తనకు లోపల ముందే తెలిసిన ఒక నిజం దానికి తగిలింది. ఈ పరీక్ష తర్వాత నిలిచేవి సాధారణంగా ఇలాంటి ఒకటి రెండు మాటలే. వాటినీ ఫోన్ చేసి కనుక్కునే ప్రశ్నలుగా మార్చాకే నిర్ణయంలోకి తీసుకోవాలి.

డెత్, టవర్ లాంటివి వస్తే ఆ ఆఫర్ వదిలేయాలా?

వద్దు. 78 కార్డుల్లో 22 మేజర్ కార్డులు, డెత్, టవర్ వాటిలోవే. ఎనిమిది తీస్తే సగటున రెండు పైచిలుకు అవే వస్తాయి. కాబట్టి రెండో మూడో కనిపించగానే "ఇది విధి" అని టెన్షన్ పడనక్కర్లేదు. ఆ స్థానం ఏం అడిగిందో దానికే జవాబుగా చదవండి. వదులుకోవాల్సిన దాని దగ్గర డెత్ వస్తే, పాత హోదానో పాత స్నేహితుల గుంపునో ముగుస్తుందని చదవొచ్చు. పనిరోజు స్థానంలో టవర్ వస్తే ఆ టీమ్‌లో ఈమధ్య మనుషులను తీసేశారా అని అడగొచ్చు. అడిగితే జవాబు దొరికే ప్రశ్నలివి.

తలకిందులుగా వచ్చిన కార్డులు?

ఈ పరుపులో నేను వాడను, అన్నీ నిటారుగా తిప్పేస్తాను. ఒక పక్క కార్డు తలకిందులైతే చాలు, దాన్ని "చెడ్డది" అని తేల్చి పోలిక ఆపేస్తారు.

నచ్చకపోతే మళ్లీ వేయొచ్చా?

అదే రోజు, అదే సమాచారంతో మళ్లీ వేస్తే వచ్చేది వేరే ఎనిమిది కార్డులు, అంతే. మూడోసారికి ఎలాగూ కావలసింది వస్తుంది. కానీ మళ్లీ వేయాలని ఎందుకు అనిపించిందో ఒకసారి ఆగి చూడండి. ఏ వరుస చూసి చిరాకు పడ్డారో, ఆ ఆఫరే మీకు కావాలేమో. అది రాసుకుంటే రెండో పరుపు అక్కర్లేదు. కొత్త విషయం తెలిస్తే, ఉదాహరణకు ఒక కంపెనీ జీతం పెంచితే, అప్పుడు ఆ జంటను మాత్రమే మళ్లీ తీయండి.

ఉన్న ఉద్యోగంలోనే ఉండిపోవడం కూడా ఒక దారే కదా?

అవును, దాన్ని మరచిపోతారు. మూడో నిలువు వరుస చేర్చండి, అవే మూడు ప్రశ్నలతో. మొత్తం పదకొండు కార్డులవుతాయి. ఈ వరుసలో ఒక చిన్న లాభం ఉంది: అక్కడి పనిరోజు మీకు నిజంగా తెలుసు. కార్డు దానికి పొంతన లేకుండా ఉంటే, మిగతా రెండు వరుసల కార్డులను ఎంత గట్టిగా నమ్మాలో కూడా మీకే తెలుస్తుంది.

అయితే మూడు కార్డుల వరుసను మానేయాలా?

నిర్ణయం అయిపోయాక అది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అప్పుడు దారి ఒక్కటే మిగులుతుంది. స్థానాల పేర్లు మాత్రం మార్చుకోండి: పాత ఆఫీసులో అప్పగించి రావాల్సింది, కొత్త చోట మొదటి నెలలో నేర్చుకోవాల్సింది, మూడో నెలకల్లా అడగాల్సింది. మా చెల్లికి మూడో స్థానంలో పేజ్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చింది. షిఫ్ట్ గురించి వచ్చిన మెయిల్‌ను ప్రింట్ తీసి దాచుకోమని చెప్పాను. ఆరో నెల దాటాక అదే పట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్లింది.